సిఫిలిస్‌కు మందు పడ్డాక ఆర్‌పీఆర్ 1:4 దాకా దిగి మళ్లీ 1:16: మందు పని చేయలేదా, మళ్లీ అంటుకుందా?

ములుగు పీహెచ్‌సీ డాక్టర్

సార్లు, మేడమ్‌లు, ఒక పేషెంట్ గురించి సలహా కావాలె. ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఊరు మార్చి రాస్తున్న.

ముప్పై ఏళ్ల మనిషి, పెళ్లయింది. పదిహేను నెలల కింద అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని రాగిరంగు మచ్చలతో వచ్చిండు. అప్పుడు ఆర్‌పీఆర్ 1:64, టీపీహెచ్‌ఏ పాజిటివ్, హెచ్‌ఐవీ నెగటివ్. సెకండరీ సిఫిలిస్ అని బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒకే రోజు ఇచ్చినం. మచ్చలు నెల తిరగకముందే పోయినయి. ఆర్‌పీఆర్ మూడో నెలలో 1:32, ఆరో నెలలో 1:8, ఏడాదికి 1:4.

ఇప్పుడు తనంతట తనే హన్మకొండలో ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో చేయించుకొని రిపోర్టు పట్టుకొచ్చిండు. వీడీఆర్‌ఎల్ 1:16. ఏ బాధా లేదంటడు. అంగం మీద పుండు లేదు, గజ్జల్లో బిళ్లలు లేవు, చేతులు కాళ్లు శుభ్రంగ ఉన్నయి. భార్యతో పాటు ఇంకో ఇద్దరితో సంబంధం ఉన్నదని, కండోమ్ ఒకసారి వాడితే ఒకసారి వాడలేదని ఒప్పుకున్నడు.

మొదటి ఇంజెక్షన్ ఫెయిల్ అయినట్టా, మళ్లీ అంటినట్టా? ఇప్పుడు ఒక డోసా, వారానికొకటి చొప్పున మూడా?

ఓరుగల్లు మెడికల్స్

డాక్టర్ గారూ, టీపీహెచ్‌ఏ ఇంకా పాజిటివ్ ఉన్నదా చూడండి. ఉంటే పురుగు లోపల బతికే ఉన్నట్టు. పెన్సిలిన్ ఒకసారి ఇచ్చి చూసిన్రు, పని చేయలేదు కాబట్టి ఈసారి డాక్సీసైక్లిన్ 28 రోజులు, పైన అజిత్రోమైసిన్ ఒక కోర్సు. మా కౌంటర్‌కు ఇట్లాంటి చీటీలు వస్తనే ఉంటయి.

హన్మకొండ చర్మవ్యాధులు

ఫార్మసీ అన్నా, ముందు టీపీహెచ్‌ఏ సంగతి తేల్చుకుందాం. ఆ పరీక్ష పట్టేది ఈ సూక్ష్మజీవికే ప్రత్యేకంగా మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. అవి మందు పడ్డాక కూడా చాలామందిలో జీవితాంతం ఉంటాయి. పుండు దశలోనే మందు పడ్డవాళ్లలో కొద్దిమందికి రెండు మూడేళ్ల తర్వాత నెగటివ్ కావచ్చు, అంతే. కాబట్టి ఒకసారి పాజిటివ్ అయిన మనిషికి టీపీహెచ్‌ఏ గానీ, వేలికొనలో రక్తం తీసి చేసే ర్యాపిడ్ కార్డు గానీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. తగ్గిందో లేదో అవి చెప్పలేవు, మళ్లీ అంటిందో లేదో అసలే చెప్పలేవు. ఇతని విషయంలో మనకు మాట్లాడేది ఆర్‌పీఆర్ టైటర్ ఒక్కటే, అంటే సీరమ్‌ను ఎన్ని రెట్లు పలుచన చేసేదాకా రియాక్షన్ కనపడుతుందో చెప్పే అంకె.

అజిత్రోమైసిన్ గురించి ఇంకో మాట. సిఫిలిస్‌లో దానికి లొంగని రకాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. దాన్ని నమ్ముకొని ఈ మనిషిని ఇంటికి పంపకూడదు.

ఇక అసలు ప్రశ్న. టైటర్‌ను మామూలు అంకెలా చదివితే పొరబడతాం. అది రెట్టింపు మెట్లలో ఎక్కుతుంది, దిగుతుంది: 1, 2, 4, 8, 16, 32, 64. ఒక మెట్టు తేడాకు అర్థం లేదు. అదే రక్తం రేపు చేసినా ఒక మెట్టు అటో ఇటో రావచ్చు. రెండు మెట్లు, అంటే నాలుగు రెట్లు మారితేనే మార్పు. ఇతను 64 నుంచి ఆరు నెలల్లో 8కి దిగాడు, అంటే మూడు మెట్లు. ఏడాదికి నాలుగు మెట్లు. సెకండరీ దశలో మందు పడ్డవాళ్లకు ఏడాదిలోపు రెండు మెట్లు దిగితే సరిపోయింది అంటాం. ఇతను అంతకంటే బాగా దిగాడు. అందుకే మొదటి ఇంజెక్షన్ ఫెయిల్ అనే మాట నాకు కుదరడం లేదు. ఫెయిల్ అయితే ఇంత చక్కగా ఏడాది పాటు దిగిరాదు.

అయితే 4 నుంచి 16 నిజంగా పెరిగిందా అన్నది ఇంకా తేలలేదు డాక్టర్ గారూ. ఇన్నాళ్లూ మీరు చేయించింది ఆర్‌పీఆర్, ఇప్పుడొచ్చింది వీడీఆర్‌ఎల్, అదీ వేరే ల్యాబ్‌లో. రెండూ ఒకే జాతి పరీక్షలే అయినా అంకెలు పక్కపక్కన పెట్టి చూడదగినవి కావు. ముందు మీ పాత ల్యాబ్‌లోనే ఆర్‌పీఆర్ చేయించండి. ఈలోపు ఇంకోసారి పూర్తిగా బట్టలు తీయించి చూడండి. నోటి లోపల, పెదవి వెనక, నాలుక కింద, మలద్వారం చుట్టూ చూశారా? పోస్టులో ఆ మాట లేదు.

గాజుపలక

ల్యాబ్ వైపు నుంచి నాలుగు మాటలు. సార్ చెప్పినట్టు రెండు పరీక్షల అంకెలు కలపొద్దు. ఒకే రక్తంలో ఆర్‌పీఆర్ వీడీఆర్‌ఎల్ కంటే ఒక మెట్టు ఎక్కువ చూపడం మామూలే. అట్లా చూస్తే వీడీఆర్‌ఎల్‌లో 16 వచ్చిందంటే మీ ఆర్‌పీఆర్‌లో ఇంకా ఎక్కువే రావచ్చు, తక్కువ కాదు. కానీ ఊహ మీద మందు రాయలేం కదా.

ఒకే ల్యాబ్‌లో కూడా ఎక్కడ తప్పుతదో చెప్త. ఆర్‌పీఆర్ కార్డును నిమిషానికి 100 చుట్ల చొప్పున ఎనిమిది నిమిషాలు తిప్పాలె. వీడీఆర్‌ఎల్ పలకను 180 చుట్లతో నాలుగు నిమిషాలు. రొటేటర్ పాడైతే చేత్తో ఊపి "చేసినం" అనేవాళ్లున్నరు, ఆ అంకెకు విలువ లేదు. గది వేడి 23 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలె. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గదిలో చేస్తే రియాక్షన్ ఎక్కువ చూపుతది, పైగా చుక్క అంచులు ఎండి గింజలు కట్టినట్టు కనపడతది. ఫ్రిజ్‌లోంచి తీసిన యాంటిజెన్‌ను చల్లగనే వాడితే ఉన్న రియాక్షన్ తక్కువ పడతది.

మీ ల్యాబ్‌లో ఏడాది నాటి సీరమ్ గడ్డకట్టించి దాచి ఉంటే అదృష్టం. పాతది, కొత్తది ఒకే రోజు, ఒకే కిట్టుతో, ఒకే మనిషి పక్కపక్కన పెట్టి చేస్తే వాదనకే తావుండదు.

ఇంకోటి. ఒంటి నిండ మచ్చలున్నా ఆర్‌పీఆర్ నెగటివ్ వస్తే నమ్మకండి. యాంటీబాడీ మరీ ఎక్కువైనా గింజ కట్టదు. "పలుచన చేసి మళ్లీ చూడండి" అని చీటీ మీద రాయండి. రాయకపోతే చాలా ల్యాబులు పలుచన చేయని చుక్కతోనే ఆపేస్తయి.

పీజీ రెండో ఏడాది

సార్, నాలుగు రెట్లు పెరిగితే ట్రీట్‌మెంట్ ఫెయిల్యూర్ కింద తీసుకొని వెన్నునీరు తీయాలని చదివాను. ఇతన్ని ఎంజీఎం ఆస్పత్రికి పంపి లంబార్ పంక్చర్ చేయించడం మంచిది కాదా? న్యూరోసిఫిలిస్ ఉంటే బెంజాథిన్ అక్కడిదాకా చేరదు కదా.

హన్మకొండ చర్మవ్యాధులు

చివరి వాక్యం నూటికి నూరుపాళ్లు నిజం తమ్మీ. బెంజాథిన్ మందు రక్తంలో వారాల తరబడి సన్నగా ఉంటుంది గానీ వెన్నునీటిలో చాలినంత చేరదు. న్యూరోసిఫిలిస్ అయితే క్రిస్టలైన్ పెన్సిలిన్ 30 నుంచి 40 లక్షల యూనిట్లు నాలుగు గంటలకోసారి నరంలో, పది నుంచి పద్నాలుగు రోజులు.

కానీ ఇతనికి వెన్నులో సూది ఎందుకు? కొత్తగా అంటుకునే దారి అతనే చెబుతున్నాడు. టైటర్ పెరిగి, మళ్లీ అంటుకునే అవకాశం ఏ మాత్రం లేదని తేలితే అప్పుడు వెన్నునీరు చూడాలి. లేదా నరాల లక్షణం ఉంటే, టైటర్ ఎంతైనా సరే. కాబట్టి ముందు అడగాల్సినవి ఇవి: కంటిచూపు మసకబారిందా, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతున్నాడా, చెవిలో హోరు గానీ ఈ మధ్య వినికిడి తగ్గడం గానీ ఉందా, వదలని తలనొప్పి, మూతి వంకర, నడకలో తూలు? ఇవి ముదిరిన దశలోనే వస్తాయని పాత లెక్క. కన్ను, చెవి, నరాలు మొదటి ఏడాదిలో కూడా దెబ్బతినవచ్చు. ఒక్కటి ఉన్నా ఈ చర్చ ఆపి వెంటనే పంపించాలి. ఏమీ లేకపోతే నేనైతే వెన్నులో సూది పెట్టను.

కాజీపేట జంక్షన్

అన్నా, నాది గూడ ఇదే కథ లెక్కున్నది. మా ఇంటామెకు మూడో నెల. దవాఖానల రక్తం తీస్తే వీడీఆర్‌ఎల్ 1:2 రియాక్టివ్ అని రాసిన్రు, టీపీహెచ్‌ఏ నెగటివ్ అన్నరు. మీరు పైన 64 నుంచి 4కు దిగితే తగ్గినట్టు అంటున్నరు గద. అంటే ఆమెకు రోగం వచ్చి 2 దాక దిగి తగ్గిపోయినట్టేనా? ఆమెకు ఎక్కడ్నుంచి వచ్చిందని ఇంట్ల పెద్ద లొల్లి అయితున్నది. నాకు చేస్తే రెండూ నెగటివే వచ్చినయి.

కౌన్సిలర్ అక్క

తమ్ముడూ, ముందు లొల్లి ఆపుండ్రి. పైన మాట్లాడుతున్నది మందు పడ్డ మనిషి గురించి, మీ ఇంటామెది వేరే లెక్క. దిగింది అనాలంటే ముందు ఎక్కి ఉండాలె, ఆమెకు అంతకుముందు రిపోర్టే లేదు. వీడీఆర్‌ఎల్ సిఫిలిస్‌కే ప్రత్యేకమైన పరీక్ష కాదు. కడుపుతోని ఉన్నప్పుడు, లూపస్ లాంటి జబ్బుల్లో, కుష్ఠులో, మలేరియా వచ్చి పోయినంక కూడ ఇట్ల చిన్న అంకెతో రియాక్టివ్ రావచ్చు. టీపీహెచ్‌ఏ నెగటివ్, మీకు రెండూ నెగటివ్ అంటే ఇది ఉత్త రియాక్షన్ అయ్యే అవకాశమే ఎక్కువ.

అయితే ఇక్కడ చదివి వదిలెయ్యొద్దు. మరీ కొత్తగా అంటినా మొదట్లో ఒకటి పాజిటివ్, ఒకటి నెగటివ్ రావచ్చు. కడుపులో బిడ్డ ఉన్నది కాబట్టి రెండు నుంచి నాలుగు వారాలల్ల రెండు పరీక్షలూ మళ్లీ చేయించుండ్రి. రిపోర్టులు అక్కడి గైనిక్ మేడమ్‌కు చూపించుండ్రి. ఇద్దరు కలిసి పోండి, ఆమె ఒక్కదాన్నే పంపకుండ్రి.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్

రిపోర్టు వచ్చింది. మా పాత ల్యాబ్‌లోనే ఆర్‌పీఆర్ 1:32. దాచిన సీరమ్ లేదు గానీ కిట్టు అదే కంపెనీది, చేసిన టెక్నీషియన్ కూడ అతనే. హెచ్‌ఐవీ మళ్లీ చేస్తే నెగటివ్. కన్ను, చెవి, తలనొప్పి, నడక అన్నీ అడిగిన, చూసిన, ఏమీ లేదు.

హన్మకొండ సార్ అడిగిన చోట చూడకపోవడం నా తప్పే. మలద్వారం పక్కన తడిగా, బల్లపరుపుగా, బూడిదరంగు తెలుపులో మూడు ఉబ్బులు. నొప్పి లేదు. మొలలు అనుకొని నెలరోజుల నుంచి ఆయింట్‌మెంట్ పూసుకుంటున్నడట. అందుకే "ఏ బాధా లేదు" అన్నడు. మొలలు రోగం కిందికి రావు అతని లెక్కల.

హన్మకొండ చర్మవ్యాధులు

అయితే దాదాపు తేలిపోయింది. 4 నుంచి 32 మూడు మెట్లు, అది ల్యాబ్ ఊగిసలాట కాదు. ఆ తడి ఉబ్బులు సెకండరీ దశవే. మామూలు పులిపిర్లయితే మొన తేలి, గరుకుగా, కాడ మీద నిలబడ్డట్టుంటాయి. ఇవి వెడల్పుగా, మెత్తగా, అంటుకొని ఉంటాయి. వాటి తడిలో సూక్ష్మజీవులు కుప్పలుగా ఉంటాయి, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకండి.

మొదటి పుండు ఎప్పుడు వచ్చిందని అడిగితే అతను చెప్పలేడు. అంటిన తర్వాత పది నుంచి తొంభై రోజుల్లో, సగటున మూడు వారాలకు, నొప్పి లేని గట్టి పుండు లేస్తుంది, మందు వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. అది మలద్వారం లోపలో గొంతులోనో లేస్తే ఎవరు చూస్తారు? అందుకే ఒకసారి వచ్చి తగ్గిన మనిషిని "పుండు ఉందా" అని మాత్రమే అడిగి పంపితే ఇలాంటివి తప్పిపోతాయి. రెండోసారి అంటినప్పుడు ఏ గుర్తూ లేకుండా టైటర్ మాత్రమే పెరిగి పట్టుబడేవాళ్లూ తక్కువేం కాదు.

ఉబ్బులు దొరక్కపోయి ఉంటే? అప్పుడూ నా జవాబు మారదు. మూడు నెలల కింద 1:4 అని రాసి ఉన్న కాగితం చేతిలో ఉంది. కాబట్టి కొత్తది ఈ మధ్యే అంటింది, ఏడాది లోపలిదే. ఒక డోసు చాలు. పాత కాగితాలు లేకుండా, ఎప్పుడు అంటిందో తెలియకుండా 1:32తో ఎవరైనా వస్తే వాళ్లకు వారానికొకటి చొప్పున మూడు ఇవ్వాలి. అంటే ఇన్నాళ్లూ మీరు చేయించిన ఆర్‌పీఆర్‌లు అతనికి రెండు ఇంజెక్షన్లు మిగిల్చాయి.

సాధారణంగా పెరుగుదల రెండు వారాలు దాటి నిలిచిందో లేదో మళ్లీ చూసి నమ్మాలంటారు. తిరిగి వస్తాడని గ్యారంటీ ఉన్న, లక్షణాల్లేని మనిషి అయితే ఆగవచ్చు. ఇతని విషయంలో ఆగకండి. ఇంజెక్షన్ ఇచ్చే రోజునే ఇంకోసారి రక్తం తీసి ఆర్‌పీఆర్‌కు పంపండి. మందు ఆలస్యమైన నాలుగు రోజుల్లో కూడా టైటర్ ఎక్కవచ్చు. ఆ రోజు అంకెనే ఇకపై కొలతకు మొదటి మెట్టు. పాత 64ను మర్చిపోండి.

కరీంనగర్ ఫిజీషియన్

నేను ఒప్పుకోను. ఇట్లాంటి మనిషి మళ్లీ వస్తాడో రాడో తెలియదు. వచ్చినప్పుడే మూడు వారాల కోర్సులో పెడితే మూడుసార్లు మన కళ్ల ముందుంటాడు. 72 లక్షల యూనిట్లు పడితే నష్టమేముంది?

హన్మకొండ చర్మవ్యాధులు

సార్, మీ ఆలోచన అర్థమైంది. కానీ తొలి దశలో మూడు ఇస్తే ఒకటి కంటే బాగా పని చేస్తుందని తేలలేదు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో కూడా. నష్టం ఇంకో చోట ఉంది. "మూడు వేయించుకోవాలి" అని చెప్పి రెండోది తప్పిపోయిన మనిషి తనకు మందు సగమే పడిందనుకుంటాడు, తర్వాత చూసే డాక్టర్ కూడా అదే అనుకుంటాడు. పైగా వాయిల్స్ దొరకని నెలల్లో ఆ రెండూ ఇంకొకరి వంతు.

కరీంనగర్ ఫిజీషియన్

వాయిల్స్ మాట నిజమే. మిగతాది చూద్దాం. నా అలవాటు మారాలంటే కొంచెం టైం పడుతుంది.

ఓరుగల్లు మెడికల్స్

టీపీహెచ్‌ఏ సంగతి అర్థమైంది సార్, తప్పు ఒప్పుకుంటున్న. స్టాక్ మాటకొస్తే మాత్రం నేను చెప్పాలె. 24 లక్షల వాయిల్ దొరకకపోతే 12 లక్షలవి రెండు తీసుకోండి, లెక్క ఒకటే. ఆరు లక్షలవి నాలుగంటే పేషెంట్ పారిపోతడు. ఇంకోటి, చీటీ మీద ఉత్త "పెన్సిలిన్" అని రాయకండి. బెంజాథిన్, ప్రొకైన్, క్రిస్టలైన్ మూడూ ఒకటే అనుకొని ఏది ఉంటే అది ఇచ్చేవాళ్లున్నరు. ప్రొకైన్ కలిసిన మందు ఒక్క రోజుకే సరిపోతది, వారాలు నిలవదు. పేరు పూర్తిగా రాయండి, యూనిట్లు లక్షల్లో రాయండి, సున్నాలు పెట్టి రాస్తే ఒకటి తప్పిపోతది.

సిస్టర్, ఇంజెక్షన్ రూమ్

అది రాసినంక పొడిచేటోళ్లం మేం. కాబట్టి మా మాట కూడ వినుండ్రి.

ఈ మందు సుద్దనీళ్ల లెక్క ఉంటది. వాయిల్ మీద రాసినంత స్టెరైల్ వాటర్ పోసి, అడుగున గడ్డ లేకుండ కలిసేదాక అరచేతుల మధ్య దొర్లించాలె. కలిపి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే కింద పేరుకుంటది, సూదిల ఇరుక్కుంటది. సన్నసూది వద్దు, 21 గేజ్ గానీ 20 గానీ. మందు గుంజిన సూది తీసేసి కొత్త సూదితో వేయాలె. 12 లక్షలు ఒక పిరుదుకు, 12 లక్షలు రెండో పిరుదుకు, పై బయటి మూలల, లోతుగ. వెనక్కి లాగి రక్తం రాలేదని చూసి, మెల్లగ ఆగకుండ నెట్టాలె. మధ్యల ఆపితే జామ్ అయితది, మళ్ల కుచ్చాలె. నరంలకు మాత్రం ఒక్క చుక్క కూడ పోవద్దు. ఇది నరంల పోతే గుండె, ఊపిరి ఆగిపోయి ప్రాణం పోతది.

ముందు పెన్సిలిన్ పడిందా, పడినప్పుడు దద్దుర్లు, మూతి వాపు, ఆయాసం వచ్చినయా అని అడగాలె. టెస్ట్ డోసు సాఫ్‌గ ఉన్నా తర్వాత రియాక్షన్ రాదని కాదు. అరగంట కూసోబెట్టి పంపాలె. పక్కన అడ్రినలిన్ తీసి ఉండాలె. ఊపిరి అందకపోయినా బీపీ పడిపోయినా 1:1000ది అర మిల్లీలీటర్ తొడ కండరంలకు, వెంటనే. డాక్టర్ వచ్చేదాక చూడొద్దు.

రాత్రికి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు, మచ్చలు ఎర్రబడుడు వస్తయని ముందే చెప్పాలె. చెప్పకపోతే "మందు పడలేదు, రియాక్షన్ ఇచ్చింది" అని ఊరంత చెప్తడు, మళ్లొచ్చినప్పుడు చీటీ మీద పెన్సిలిన్ అలర్జీ అని పడతది. ఇది సూక్ష్మజీవులు చచ్చేటప్పుడు వచ్చే జ్వరం, పారాసెటమాల్‌తో ఒక రోజుల పోతది.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్

24 లక్షలు పడింది. ఆ రోజు తీసిన ఆర్‌పీఆర్ కూడ 1:32. రాత్రి జ్వరం వచ్చింది, తెల్లారి ఫోన్ చేసిండు. సిస్టర్ చెప్పినట్టు ముందే చెప్పి పెట్టిన కాబట్టి భయపడలేదు.

ఇప్పుడు భార్య. వీడీఆర్‌ఎల్ నెగటివ్, టీపీహెచ్‌ఏ నెగటివ్. "నాకు లేనప్పుడు సూది ఎందుకు" అంటున్నది. ఆమెకు ఏం చెప్పాలె?

కౌన్సిలర్ అక్క

డాక్టర్ గారూ, ముందు ఆమెకు నెలసరి ఎప్పుడు వచ్చిందో అడగండి. కడుపుతోని ఉంటే లెక్కలన్నీ మారతయి. అప్పుడు పెన్సిలిన్ ఒక్కటే దారి, డాక్సీ పనికిరాదు, అలర్జీ ఉన్నా ఆస్పత్రిల పెట్టి మెల్లమెల్లగా అలవాటు చేసి పెన్సిలినే ఇస్తరు.

నెగటివ్ ఎందుకు వచ్చిందంటే, అంటినంక రక్తంల కనపడడానికి వారాలు పడతది. పుండు లేచినంక కూడ కొన్ని రోజులు నెగటివ్ రావచ్చు. ఆయనకు తడి ఉబ్బులు ఉన్న ఈ నెలల్ల ఆమెతోని కలిసిండు. గత తొంభై రోజుల్ల కలిసినోళ్లకు పరీక్ష ఏం వచ్చినా మందు వేయాల్సిందే, 24 లక్షలు ఒకసారి. ఆమెకు నేనైతే ఇట్ల చెప్తా: "నీ రక్తంల లేదనుకోకు, ఇంకా కనపడతలేదు అనుకో." తిట్లు తర్వాత, సూది ముందు.

ఆమెకు వేయకపోతే ఇంకో చిక్కున్నది. ఈయన మూడు నెలలకు మళ్లీ 1:32తో వస్తే అది పాతదా, ఆమె నుంచి తిరిగి వచ్చిందా, మిగతా ఇద్దరి నుంచా అని మనం మళ్లీ ఇదే చర్చ పెట్టుకోవాలె. ఆ ఇద్దరినీ పేర్లు అడగకుండ, ఆయన చేతనే సుఖవ్యాధులకు చూసే సురక్షా క్లినిక్‌కు పంపించుమనండి. వచ్చే ధైర్యం లేకపోతే 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమనండి. ఇద్దరిలో ఎవరికి పుండు ఉన్నా ఆ క్లినిక్‌ల ఇచ్చే తెల్ల కిట్టుల పెన్సిలిన్ ఉంటది, పెన్సిలిన్ పడనోళ్లకు నీలం కిట్టుల డాక్సీసైక్లిన్. ఉబ్బులు పూర్తిగ మానేదాక, భాగస్వాములకు మందు పడ్డంక ఇంకో వారం దాటేదాక ఎవరితోనూ కలవొద్దని ఆయనకు గట్టిగ చెప్పండి.

పీజీ రెండో ఏడాది

ఇలా మళ్లీ మళ్లీ అంటుకునే వాళ్లకు కలిసిన 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వేసే పద్ధతి గురించి చదివాను. ఇతనికి ఇవ్వవచ్చా?

హన్మకొండ చర్మవ్యాధులు

అమెరికాలో మగవాళ్లతో కలిసే మగవాళ్లకు, ట్రాన్స్ మహిళలకు, ఏడాదిలోపు ఇలాంటి జబ్బు వచ్చిన చరిత్ర ఉంటే చెబుతున్నారు. సిఫిలిస్ మీద బాగానే పని చేసింది. ఇతని భాగస్వాములు ఎవరో మనకు తెలియదు, డాక్టర్ గారు అడిగారో లేదో రాయలేదు. మన దగ్గర దీన్ని అలవాటు చేస్తే ఫార్మసీ అన్న కౌంటర్‌లో చీటీ లేకుండా డాక్సీ పట్టీలు పోతాయేమో అన్నది నా భయం. పెద్దలు ఇంకెవరైనా మాట్లాడితే వింటాను.

ఓరుగల్లు మెడికల్స్

చీటీ లేకుండ ఇవ్వను సార్. పక్క షాపు సంగతి చెప్పలేను.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్

మూడు నెలల తర్వాత ఈ చర్చ మళ్లీ తెరుస్తున్న. ఉబ్బులు పూర్తిగా పోయినయి. భార్యకు ఇంజెక్షన్ పడింది, కడుపు లేదు, మొన్న చేస్తే ఆమెకు మళ్లీ రెండూ నెగటివే. అతని ఆర్‌పీఆర్, అదే ల్యాబ్, 1:16.

ఒక్క మెట్టే దిగింది. పోయినసారి కూడ మూడో నెలకు ఒక్క మెట్టే. మళ్లీ ఇంజెక్షన్ ఇయ్యాల్నా?

హన్మకొండ చర్మవ్యాధులు

వద్దు. ఉబ్బులు మానాయి, అంకె పైకి పోలేదు. మూడో నెల పరీక్ష చేయించింది మందు పని చేసిందా అని చూడడానికి కాదు, మళ్లీ అంటిందా అని పట్టుకోవడానికి. అందుకే ఇతనికి ఆరు, పన్నెండు నెలలు చాలవు, మూడు నెలలకోసారి చేయించాలి, ప్రతిసారీ హెచ్‌ఐవీతో కలిపి.

ఏడాదికల్లా 1:8కి వస్తే సరిపోయింది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు రెండోసారి మెల్లగా దిగడం మామూలే. 1:4 దగ్గరో 1:2 దగ్గరో ఆగిపోయి ఏళ్ల తరబడి అక్కడే ఉండవచ్చు. ఆ అంకెను కరిగించాలని ఇంజెక్షన్లు పొడుస్తూ పోకండి, కరగదు. అతని చేతిలో ఒక కాగితం మీద తేదీ, పరీక్ష పేరు, ల్యాబ్ పేరు, టైటర్ వరసగా రాసిపెట్టండి. రేపు అతను హైదరాబాద్ పోయి చేయించుకుంటే అక్కడి డాక్టర్‌కు 1:4 చూసి మూడు ఇంజెక్షన్లు రాయబుద్ధి కావచ్చు, ఆ కాగితం ఆపుతుంది.

ఒకవేళ ఏడాది గడిచినా 1:16 దగ్గరే ఉండి, మళ్లీ కలిసిన దాఖలా కూడా లేకపోతే, అప్పుడు పీజీ తమ్ముడు అడిగిన వెన్నునీటి ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఇప్పుడు కాదు.

మిగతా ఇద్దరూ వచ్చారా?

కౌన్సిలర్ అక్క

ఒకరు వచ్చిన్రు, మందు పడింది. రెండో మనిషికి ఆయన మూడుసార్లు ఫోన్ చేసిండట. మొదట ఎత్తిండు, తర్వాత ఎత్తుతలేడు.